మధ్యాహ్నం క్యారేజీలో చపాతీ ఎందుకు గట్టిపడుతుంది: ఎండిపోవడం వేరు, బిగుసుకోవడం వేరు

షుగర్ వచ్చిందనో, బరువు తగ్గాలనో రాత్రి పూట చపాతీ అలవాటైన ఇళ్లలో అది ఇప్పుడు మధ్యాహ్నం క్యారేజీలోకి కూడా వచ్చేసింది. రాత్రి పెనం మీంచి నేరుగా పళ్లెంలోకి వచ్చే చపాతీతో ఏ పేచీ లేదు. అసలు టెన్షన్ అంతా పొద్దున ఏడున్నరకి కట్టి ఒంటిగంటకి విప్పే చపాతీతోనే. దానికి ఎవరి చిట్కా వాళ్లది. ఒకరు వేడినీళ్లతో కలపమంటారు, ఇంకొకరు వేడినీళ్లు పోస్తే పిండి పాడవుతుందంటారు. వేడిమీదే మూత పెట్టమని ఒకరు, పూర్తిగా చల్లారాకే పెట్టమని మరొకరు. ఇందులో పూర్తిగా తప్పు చెబుతున్నవాళ్లు తక్కువే. చపాతీ గట్టిపడటానికి కారణాలు రెండున్నాయి, ఒక్కో చిట్కా వాటిలో ఒక్కోదానికి పనిచేస్తుంది. ఆ రెంటినీ విడదీసి చూస్తే చాలావరకు చిక్కు విడిపోతుంది.

చద్దన్నం చెప్పే సంగతి

వరి పండే ప్రాంతం వాళ్లకి ఇది తెలిసిన విషయమే. రాత్రి మిగిలిన అన్నాన్ని మూత పెట్టి ఉంచితే పొద్దునకి మెతుకులు బిరుసెక్కుతాయి. గిన్నెలోంచి నీళ్లేమీ ఎగిరిపోలేదు, మూత అడుగున చెమ్మ కూడా ఉంటుంది. అయినా మెతుకు గట్టిదే. అదే అన్నాన్ని ఆవిరి మీద పెడితే మళ్లీ మెత్తబడుతుంది. తడి పోకపోయినా బిరుసెక్కడం, వేడి తగిలితే మెత్తబడటం, ఈ రెండూ చపాతీలోనూ జరిగేవే. వరైనా గోధుమైనా గింజలో ఎక్కువ భాగం పిండిపదార్థమే, అంటే స్టార్చ్. అది వేడికి, నీళ్లకి ఉబ్బి, విచ్చుకుని మెత్తబడుతుంది. చల్లారేకొద్దీ దానిలోని పొడవాటి అణువులు మళ్లీ ఒకదాని పక్కన ఒకటి వరసగా చేరి బిగుసుకుంటాయి. ఈ వ్యాసంలో దీన్ని ‘బిగుసుకోవడం’ అందాం.

రెండోది ఎండిపోవడం. ఇది కంటికి కనిపించేదే. పెనం మీదో, గాలికో చపాతీలోని నీరు ఆవిరైపోతుంది. అంచులు విరుగుతాయి, మడిస్తే పగులుతుంది.

ఈ రెండూ వేరువేరని రొట్టె విషయంలో ముందు తేల్చింది ఫ్రాన్స్‌కి చెందిన రసాయన శాస్త్రవేత్త బుసెంగో. నీరు బయటికి పోకుండా సీలు చేసి ఉంచిన బ్రెడ్డు కూడా పాతబడి గట్టిపడుతుందని, వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుందని ఆయన 1850ల మొదట్లో చూపించాడు. అంటే గాలి చొరని డబ్బా ఎంత ఖరీదు పెట్టి కొన్నా, అది సగం సమస్యకే మందు.

మీ ఇంట్లో చపాతీకి వచ్చిన జబ్బు ఏదో తెలుసుకోవడం తేలికే. మధ్యాహ్నం గట్టిగా ఉన్న చపాతీని పెనం మీదో మైక్రోవేవ్‌లోనో కొన్ని సెకన్లు వేడి చేసి, వెంటనే మడిచి చూడండి. నీళ్లు చిలకరించకండి, వేడి ఒక్కటే తగలాలి. మెత్తబడితే అది బిగుసుకున్న చపాతీ. వేడి మీద కూడా అట్టలాగే ఉంటే అది ఎండిపోయిన చపాతీ, దాని తప్పు పొద్దున పెనం దగ్గరే జరిగింది. ఏ చిట్కా పట్టుకోవాలో నిర్ణయించే ముందు ఈ పరీక్ష చేయకపోతే మిగతాదంతా గుడ్డిగా వెతకడమే.

పిండి ఎంత నీరు పట్టుకుంటుంది

ఎండిపోవడానికైనా బిగుసుకోవడానికైనా అడ్డుపడేది నీరే. లోపల నీరు ఎక్కువున్న చపాతీ ఎండటానికి టైం పడుతుంది. బిగుసుకున్నా అంత బిరుసుగా అనిపించదు. కాబట్టి మొదటి ప్రశ్న, పిండిలో ఎంత నీరు ఇమడ్చగలం అన్నది.

ఇది పిండి మీద ఆధారపడుతుంది. రాతి మరలో గోధుమ నలిగినప్పుడు ఆ ఒత్తిడికి, వేడికి స్టార్చ్ రేణువుల్లో కొన్ని చిట్లుతాయి. చిట్లిన రేణువు మామూలుదానికంటే ఎన్నో రెట్లు నీరు పీలుస్తుంది. రాతి చక్కీలో పట్టిన గోధుమపిండి చపాతీకి పేరు తెచ్చుకున్నది అందుకే. మైదాలో ఈ చిట్లిన రేణువులు తక్కువ, తవుడూ ఉండదు. అందుకే దానికి నీళ్లు తక్కువ పడతాయి. గోధుమ రకం సంగతికొస్తే, మధ్యప్రదేశ్ షర్బతి, పాత సి-306 లాంటివి చపాతీకి మంచివని పేరు. మన దగ్గర గోధుమ పెద్దగా పండదు, సంచిలో వచ్చింది ఏ రకమో కొట్టువాడికీ తెలియకపోవచ్చు. దాని గురించి బెంగ పెట్టుకోనక్కర్లేదు. నీళ్లు సరిచూసుకుంటే మామూలు పిండితోనూ మెత్తని చపాతీ వస్తుంది.

ఊళ్లో పిండిమరకి తీసుకెళ్లి పట్టించేవాళ్లు మాత్రం ఒకటి గమనించాలి. ముందు ఎవరో బియ్యం పట్టించి వెళితే, మరలో మిగిలిన బియ్యప్పిండి మీ గోధుమపిండిలో కలుస్తుంది. బియ్యంలో గ్లూటెన్ లేదు. గోధుమపిండి తడిసినప్పుడు సాగే వలలా అల్లుకుని ఆవిరిని పట్టి ఉంచే మాంసకృత్తే గ్లూటెన్. బియ్యప్పిండి కలిసిన ముద్ద ఒత్తేటప్పుడు అంచులు చీలుతాయి, చపాతీ సరిగా పొంగదు. ముందు దిగిన గుప్పెడు పిండిని పక్కన పెట్టించుకుంటే సరిపోతుంది.

నీళ్ల కొలత: 200 గ్రాముల పిండికి 130 నుంచి 150 మిల్లీలీటర్లు. మామూలుగా చాలామంది 110, 120 దగ్గర ఆపేస్తారు, ఎందుకంటే అప్పుడు ముద్ద చేతికి అంటుకోకుండా గట్టిగా, ఒత్తడానికి వీలుగా ఉంటుంది. ఆ సుఖానికి మధ్యాహ్నం మూల్యం కట్టాల్సి వస్తుంది. కలిపినప్పుడు కాస్త అంటుకునేలాగే ఉండాలి. పిండిలోని తవుడు నీరు మెల్లగా పీలుస్తుంది కాబట్టి, మూత పెట్టి అరగంట నాననిస్తే ఆ జిగురు దానంతటదే పోతుంది. వేలితో నొక్కితే గుంట పడి, మెల్లగా కొంచెం పైకి లేవాలి. గుంట పడనే పడకపోతే నీరు చాలలేదు. వేలికి పిండి అంటుకుని వస్తే ఇంకో పది నిమిషాలు ఆగాలి.

డెల్టాలో వానాకాలం పిండి గాలిలోని తేమను పీల్చి ఉంటుంది. అదే గ్లాసు, అదే కొలత అయినా శ్రావణంలో ముద్ద పల్చబడుతుంది. ఓ చెంచా రెండు చెంచాల నీళ్లు చివర్లో చూసుకుని పోయడమే మార్గం.

వేడినీళ్ల తగాదా

ఎక్కువమంది వాదించుకునేది దీని మీదే. అసలు గొడవ ‘వేడి’ అంటే ఎంత వేడి అన్నదాంట్లో ఉంది.

గోధుమ స్టార్చ్ ఉబ్బి గంజిలా మారడం మొదలయ్యేది సుమారు 60 డిగ్రీల దగ్గర. చేతికి ఓర్చుకోగల గోరువెచ్చని నీళ్లు అంతకంటే చల్లగానే ఉంటాయి. అవి పోస్తే పిండి కాస్త తొందరగా నానుతుంది, అంతే. మధ్యాహ్నానికి ఒరిగేది దాదాపు ఏమీ లేదు. గోరువెచ్చని నీళ్లే రహస్యమని నమ్మేవాళ్లకి నిజంగా మేలు చేస్తున్నది బహుశా వాళ్లు ముద్దని నానబెట్టడం.

మరిగే నీళ్ల కథ వేరు. అవి తగిలిన చోట స్టార్చ్ అక్కడికక్కడే ఉడికి బోలెడు నీటిని తనలో కట్టేసుకుంటుంది. జొన్నరొట్టెకి మరిగే నీళ్లు పోసేది ఇందుకే, గ్లూటెన్ లేని ఆ పిండికి ఉడికిన జిగురే ఆధారం. గోధుమపిండికీ ఈ లాభం ఉంది. పైగా ముద్ద అంటుకోకుండానే ఎక్కువ నీరు పడుతుంది. కానీ అదే వేడి గ్లూటెన్‌ని దెబ్బతీస్తుంది. మొత్తం పిండికి మరిగే నీళ్లు పోస్తే ముద్ద సాగదు, పల్చగా ఒత్తితే చిరుగుతుంది, చపాతీ పొంగదు. వేడినీళ్లు వద్దనేవాళ్లు చూసిన నష్టం ఇదే, అది నిజమే.

ఇద్దరి మాటా నెగ్గే దారి ఒకటుంది. పిండిలో నాలుగో వంతుకి మాత్రమే మరిగే నీళ్లు పోయాలి. మిగతా మూడు వంతుల్లో గ్లూటెన్ చెక్కుచెదరదు. ఈ పద్ధతి కొలతలు కింద లెక్కలో ఇస్తున్నాను. క్యారేజీ చపాతీకి నాకు అన్నింటికంటే నమ్మకమైనది ఇదే.

పాలు, పెరుగు గురించి రెండు ముక్కలు. పాలల్లోని కొవ్వు కొంత మెత్తదనం ఇస్తుంది. పెరుగు పులుపు గ్లూటెన్‌ని కాస్త సడలిస్తుంది. రెండూ పనికొచ్చేవే, కాని నీళ్ల కొలత తప్పితే ఇవి కాపాడలేవు. ఎండాకాలంలో పెరుగు కలిపిన చపాతీ మధ్యాహ్నానికి పులుపెక్కే ప్రమాదం కూడా ఉంది.

మడత చపాతీ ఎందుకు నిలుస్తుంది

ఉత్తరాదిలో రోజూ తినే పుల్కా పొయ్యి మీంచి కంచంలోకి రావడానికి పుట్టింది. పల్చగా ఒత్తి, నూనె లేకుండా, చివర్లో నేరుగా మంట మీద పొంగిస్తారు. పల్చగా ఉన్నదాని మీద సూటిగా మంట తగిలితే నీరు ఎక్కువ పోతుంది. వేడివేడిగా తింటే దానంత మెత్తనిది లేదు. ఐదు గంటలు డబ్బాలో ఉంచడమే దానికి పడని పని.

మన ఇళ్లలో చేసే మూడు మూలల మడత చపాతీ దీనికి బాగా సరిపోతుంది. ఉండని అరచేతి వెడల్పున ఒత్తి, నూనె రాసి, సగానికి మడిచి, మళ్లీ నూనె రాసి ఇంకోసారి మడిచి, అప్పుడు ఒత్తుతారు. పెనం మీద పడ్డాక ఆవిరి ఆ పొరల మధ్యకి చేరి వాటిని విడదీస్తుంది. పొరల మధ్య నూనె ఉండటంతో అవి చల్లారాక మళ్లీ ఒకదానికొకటి అతుక్కుని ఒకే మందపాటి అట్టలా తయారవవు. లోపలి పొరలకి పెనం వేడి సూటిగా తగలదు కాబట్టి వాటి తడి నిలుస్తుంది.

నూనె వాడకూడదనుకునేవాళ్ల అభ్యంతరం న్యాయమైనదే, ముఖ్యంగా డాక్టరు చెప్పి తగ్గించుకున్నవాళ్లది. ఒక్కో చపాతీ మడతల్లోకి అర చెంచా చాలు. అదీ వద్దనుకుంటే పైన చెప్పిన మరిగే నీళ్ల పద్ధతి మీద ఎక్కువ ఆధారపడాలి. ఇక నూనెకి బదులు నెయ్యి రాసేవాళ్లు ధనుర్మాసం చలిలో ఒకటి గమనించే ఉంటారు. మధ్యాహ్నానికి నెయ్యి పేరుకుంటుంది, దాంతో చపాతీ ఉన్నదానికంటే బిరుసుగా అనిపిస్తుంది. ఆ చలి రోజుల్లో క్యారేజీ వరకు నూనే మేలు.

పెనం మీద పోయే నీరు

చపాతీలోంచి ఎక్కువ నీరు పోయేది డబ్బాలో కాదు, పెనం మీదే. 200 గ్రాముల పిండి, 150 మిల్లీలీటర్ల నీళ్లు, ఒక చెంచా నూనె కలిపి ఎనిమిది ఉండలు చేస్తే ఒక్కోటి 44 గ్రాములు తూగుతుంది. పిండిలో మొదటినుంచీ ఉన్న తేమతో కలిపి, అందులో నీరు సుమారు 22 గ్రాములు. కాలిన చపాతీ 37 గ్రాములు తూగిందంటే పోయిన నీరు 7 గ్రాములు, మూడో వంతు. 33 గ్రాములకి దిగిందంటే సగం నీరు పోయినట్టే. వంటింటి తూకం మిషన్ ఉన్నవాళ్లు ఉండని, దిగిన చపాతీని తూచి చూసుకోవచ్చు. ఏ మంట మీద, ఎంతసేపు అన్న వాదన ఆ అంకెతో తీరిపోతుంది.

ఎక్కువ నీరు పోయేది మంట పెద్దదైనందుకు కాదు, చిన్నదైనందుకు. ఇది చాలామందికి నమ్మబుద్ధి కాదు. మాడుతుందన్న భయంతో సన్నమంట మీద మూడు నాలుగు నిమిషాలు ఉంచితే, పొంగేంత ఆవిరి ఒక్కసారిగా పుట్టదు. నీరు కొంచెం కొంచెంగా తప్పించుకుంటూనే ఉంటుంది. అలాంటి చపాతీ తెల్లగా, మచ్చలు లేకుండా, అప్పడం రంగులో దిగుతుంది. చూడటానికి బాగానే ఉంటుంది, మధ్యాహ్నానికి అంచులు విరుగుతాయి. పెనం బాగా కాలాలి. నీటి చుక్క వేస్తే గంతులేసి ఎగిరిపోవాలి. మొదటి వైపు రంగు మారి చిన్న బుడగలు కనబడగానే, 15-20 సెకన్లకి తిప్పాలి. రెండో వైపు అర నిమిషం, తర్వాత మళ్లీ తిప్పి అట్లకాడతో అంచులు నొక్కితే పొంగుతుంది. మామూలు చపాతీ నిమిషంన్నరలో దిగిపోవాలి, మడత చపాతీ ఇంకో అర నిమిషం. అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు పడి, మచ్చల మధ్య భాగం మెత్తగా ఉంటే సరిగ్గా కాలినట్టు.

ఒత్తేటప్పుడు చల్లే పొడిపిండి కూడా ఇక్కడే లెక్కకొస్తుంది. పైన అంటుకున్న పొడి పెనం మీద మాడుతుంది, మిగిలినది చపాతీ పైపొరలోని తడిని పీలుస్తుంది. పెనం మీద వేసే ముందు రెండు చేతుల మధ్య ఒకసారి తట్టి దులపాలి.

మూత ఎప్పుడు పెట్టాలి

వేడిమీదే మూత పెట్టమనేవాళ్లు బిగుసుకోవడం గురించి ఆలోచిస్తున్నారు. చపాతీ ఎంతసేపు వెచ్చగా ఉంటే స్టార్చ్ అంత నెమ్మదిగా బిగుస్తుంది. చల్లారాక పెట్టమనేవాళ్ల భయం చెమ్మ. స్టీలు డబ్బా మూతకి ఆవిరి తగిలి నీటిబొట్లై కిందకి జారుతుంది. పైన ఉన్నది, అడుగున ఉన్నది తడిసి జిగురవుతాయి. మన దగ్గర గాల్లోనే తేమ ఎక్కువ. కాబట్టి ఎండిపోవడం కంటే ఈ చెమ్మే పెద్ద బెడద. ఎండాకాలంలో తడిసిన చపాతీకి సాయంత్రానికి వాసన కూడా వస్తుంది.

రెండు భయాలూ నిజమే కాబట్టి మధ్యలో ఆగాలి. దిగిన ప్రతి చపాతీని పొడి నూలుగుడ్డ పరిచిన బుట్టలోనో జల్లెడ మీదో ఒక నిమిషానికి పైగా ఉంచితే, ఉధృతంగా వచ్చే ఆవిరి పోతుంది. తర్వాత ఒకదాని మీద ఒకటి పేర్చి, గుడ్డతో చుట్టి, వెచ్చగా ఉండగానే డబ్బాలో పెట్టి మూత వేయాలి. గుడ్డ చెమ్మను పీల్చుకుంటుంది, చుట్టూ తడిగాలి నిలుపుతుంది. ఫాయిల్ తడిని పీల్చదు. ఆవిరి పోయాక చుట్టితే పనిచేస్తుంది, పొగలు కక్కుతుండగా చుట్టితే లోపలే చెమటపడుతుంది. గిన్నెల క్యారేజీ వాడేవాళ్లు అడుగు గిన్నెలో వేడి కూరో పప్పో పెట్టి, దాని మీద గిన్నెలో చపాతీ పెడితే కింద వేడి కొంతసేపు సాయపడుతుంది.

ఒక క్యారేజీ లెక్క: భీమవరంలో కట్టి తణుకులో విప్పేది

పొద్దున ఏడున్నరకి డబ్బా సర్దాలి, తినేది ఒంటిగంటకి. మధ్యలో ఐదున్నర గంటలు. ఇద్దరికి చెరి నాలుగు, మొత్తం ఎనిమిది మడత చపాతీలు అనుకుందాం.

ఆరింటికి 200 గ్రాముల పిండిలోంచి 50 గ్రాములు గిన్నెలోకి తీసి, చిటికెడు ఉప్పు వేసి, కళపెళా మరుగుతున్న నీళ్లు 60 మిల్లీలీటర్లు పోసి గరిటెతో కలపాలి. మరిగి దించిన నీళ్లు పక్కన పెట్టి తర్వాత పోస్తే పనికిరావు, పిండి చల్లదనానికి వేడి దిగిపోయి 60 డిగ్రీలు దాటకపోవచ్చు. ముద్ద గంజి వాసన వచ్చి, కాస్త మెరుస్తూ గరిటెకి అంటుకుంటే ఉడికినట్టు. ఐదు నిమిషాలు ఆరనిచ్చి, మిగతా 150 గ్రాముల పిండి, ఒక చెంచా నూనె, సుమారు 90 మిల్లీలీటర్ల మామూలు నీళ్లు కొంచెం కొంచెంగా కలిపి ఏడెనిమిది నిమిషాలు మర్దించాలి. మూత పెట్టి ఆరున్నర దాటేవరకు వదిలేస్తే, ఈలోగా కూర అవుతుంది. ఆరూ నలభైకి ఉండలు, మడతలు, ఒత్తడం, కాల్చడం. ఏడుంపావుకి ఆఖరిది దిగుతుంది. పది నిమిషాల్లో గుడ్డలో చుట్టి డబ్బాలోకి.

పొద్దున ఇంత టైం లేనివాళ్లు ముద్దని రాత్రే కలిపి, నూనె రాసి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. పొద్దునకి పైన కాస్త బూడిదరంగు వచ్చినా పాడైనట్టు కాదు. అరగంట ముందు బయట పెడితే చాలు. కాల్చిన చపాతీలని మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకూడదు. స్టార్చ్ అన్నింటికంటే వేగంగా బిగుసుకునేది గడ్డకట్టే స్థాయికి కాస్త పైన ఉండే ఆ చలిలోనే. ఫ్రీజర్‌లో గడ్డకట్టాక ఆ పని దాదాపు ఆగిపోతుంది.

ఒంటిగంటకి డబ్బా విప్పితే ఈ చపాతీ పొద్దుటంత మెత్తగా ఉండదు. నాలుగు మడతలు పెడితే పగలకుండా వంగుతుంది, కూరతో చుట్టుకుంటే చిరగదు. ఐదారు గంటలకి ఇంట్లో చేసుకోగలిగేది ఇంతవరకే. సాయంత్రానికి మిగిలినదాన్ని వేడి చేస్తే మళ్లీ మెత్తబడుతుంది కాని, రెండోసారి చల్లారితే ముందుకంటే తొందరగా గట్టిపడుతుంది, కాబట్టి పెనం మీంచి తీసి వెంటనే తినేయాలి. నెలల తరబడి నిలిచే చపాతీ కూడా ఉంది. సైనికుల కోసం మైసూరులోని రక్షణ శాఖ ఆహార పరిశోధన ప్రయోగశాల దాన్ని తయారుచేసింది. దానికి కావలసిన ప్రత్యేక ప్యాకింగ్, నిల్వ పద్ధతులు వంటింట్లో కుదిరేవి కావు.